పత్తికాయలో పదహారు గళ్ళు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో ఇవాళ సాగవుతున్న పత్తిలో చాలా భాగం బీటీ హైబ్రిడ్లే. బాగా ఊరిన కాయ ఒకటి కోసి అడ్డంగా చీలిస్తే నాలుగు అరలు, ఒక్కో అరలో ఎనిమిది చొప్పున గింజలు కనిపిస్తాయనుకుందాం. పైకి ఆ ముప్పైరెండు గింజలూ ఒకేలా ఉంటాయి. లోపల మాత్రం అవి నాలుగు రకాలు. కొన్నింటిలో పురుగును చంపే రెండు విషాలూ తయారవుతాయి. కొన్నింటిలో ఒకటి, మరికొన్నింటిలో రెండోది మాత్రమే తయారవుతుంది. ఏ విషమూ లేని గింజలు కూడా ఒకటో రెండో ఉంటాయి.

ఇంటర్ విద్యార్థికి ఈ లెక్క కొత్తది కాదు. జన్యుశాస్త్రం తరగతిలో చూపించే స్లైడు మీద ఉండేది ఇదే. గుండ్రటి పసుపు బఠాణీ, ముడతలు పడ్డ ఆకుపచ్చ బఠాణీ, వాటి కింద పదహారు గళ్ళ పట్టిక, దాని పక్కన 9:3:3:1. పరీక్షలో ఆ అంకెలు రాస్తే మార్కులు పడతాయి. కానీ ఆ పట్టికను మన చేలోకి తెచ్చినప్పుడు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి, వాటికి స్లైడు జవాబు చెప్పదు. గడిలో రాసిన జన్యురూపం ఎవరిది, గింజదా, ఆ గింజను మోసే మొక్కదా? ఆ నిష్పత్తి ఏ షరతుల మీద నిలబడింది? రెండు లక్షణాల అనువంశికత గురించి తెలుసుకోవలసిన అసలు విషయం ఈ రెండు ప్రశ్నల్లోనే ఉందని నా అభిప్రాయం. పత్తి, మిరప ఆ జవాబులను బఠాణీ కన్నా స్పష్టంగా చెబుతాయి.

ముందు పట్టిక ఎలా కట్టాలో చూద్దాం, ఎందుకంటే తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. మన దేశంలో 2002లో అనుమతి పొందిన మొదటి బీటీ పత్తిలో క్రై1ఏసీ అనే ఒక్క జన్యువే ఉండేది. 2006లో వచ్చిన రెండో రకంలో దానికి క్రై2ఏబీ తోడైంది. మొదటి జన్యువు ఉంటే A అని, లేకపోతే a అని రాద్దాం. రెండోదానికి B, b. హైబ్రిడ్ విత్తనం తయారీలో మామూలుగా ఒక తల్లిదండ్రి వంగడంలోనే బీటీ జన్యువులు ఉంటాయి, రెండోది సాధారణ పత్తి. అంటే AABB ని aabb తో కలుపుతారు. విత్తనోత్పత్తి చేలల్లో కూలీలు క్రాసింగ్ అని పిలిచే పని ఇదే. సాయంత్రం మొగ్గలోంచి కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున్నే రెండో వంగడం పుప్పొడిని కీలాగ్రానికి అద్దుతారు. అలా వచ్చిన విత్తనం ప్రతిదీ AaBb. రైతు ప్యాకెట్టు విప్పి నాటేది దాన్నే. అందుకే చేలో ఉన్న మొక్కలన్నీ జన్యుపరంగా ఒకేలా ఉంటాయి, ప్రతి మొక్కలోనూ రెండు విషాలూ ఉంటాయి.

ఇప్పుడు ఆ మొక్క పూత పూసి తన పుప్పొడితోనే ఫలదీకరణం చెందుతుంది. అది తయారు చేసే బీజకణాల్లో ప్రతి జతనుంచీ ఒక్కటే అక్షరం ఉండాలి. A లేదా a, దానికి తోడు B లేదా b. కాబట్టి నాలుగే రకాలు: AB, Ab, aB, ab. విద్యార్థి మొదట తప్పు చేసేది ఇక్కడే. Aa ఒక బీజకణమని, Bb ఇంకొకటని రాస్తాడు. అది ఒకే జతలోని రెండు అక్షరాలను ఒకే బీజకణంలో పెట్టి, రెండో జతను పూర్తిగా వదిలేయడం. అలా మొదలైన పట్టిక ఎంత శ్రద్ధగా నింపినా తప్పే వస్తుంది. బీజకణం రాశాక అందులో ఎన్ని అక్షరాలున్నాయో చూడండి. రెండు లక్షణాలైతే రెండే ఉండాలి, ఆ రెండూ వేర్వేరు అక్షరాలై ఉండాలి.

నాలుగు రకాలను అడ్డంగా, నాలుగు రకాలను నిలువుగా రాసి గళ్ళు నింపితే ఇలా వస్తుంది.

```
        AB     Ab     aB     ab
AB     AABB   AABb   AaBB   AaBb
Ab     AABb   AAbb   AaBb   Aabb
aB     AaBB   AaBb   aaBB   aaBb
ab     AaBb   Aabb   aaBb   aabb
```

కనీసం ఒక A, కనీసం ఒక B ఉన్న గళ్ళు తొమ్మిది. A ఉండి B లేనివి మూడు, B ఉండి A లేనివి మూడు, రెండూ లేనిది మూలనున్న ఒక్కటే. ఒక్క ప్రతి ఉన్నా విషం తయారవుతుంది కాబట్టి A, B రెండూ బహిర్గతమైనవే అనుకోవచ్చు. కాయలో ముప్పైరెండు గింజలుంటే ఈ లెక్కన పద్దెనిమిదింటిలో రెండు విషాలు, ఆరింటిలో క్రై1ఏసీ మాత్రమే, ఆరింటిలో క్రై2ఏబీ మాత్రమే, రెండింటిలో ఏదీ లేదు.

పట్టిక వేయకుండా కూడా ఇదే తేలుతుంది. A ఉండే అవకాశం నాలుగింట మూడు, B ఉండే అవకాశం నాలుగింట మూడు, వాటిని గుణిస్తే పదహారింట తొమ్మిది. మూడు నాలుగు లక్షణాలకు పోతే గళ్ళు అరవై నాలుగు, రెండు వందల యాభై ఆరు అయిపోతాయి, అప్పుడు ఈ గుణకారమే దిక్కు. రెండు లక్షణాల వరకైతే పట్టికే మేలంటాను, ఎందుకంటే మొక్క తయారు చేసే బీజకణాలు ఏవో అది ముందు రాయిస్తుంది. AABb మొక్కను స్వపరాగ సంపర్కం చేయిస్తే బీజకణాలు AB, Ab రెండే, గళ్ళు నాలుగే, నిష్పత్తి 3:1. AaBb ని aabb తో కలిపితే ఒక వైపు నాలుగు రకాలు, మరో వైపు ఒకటే, నిష్పత్తి 1:1:1:1. రెండు లక్షణాలు అనే మాట వినగానే 9:3:3:1 రాసేసేవాళ్ళు ఈ తేడాను గమనించరు.

ఈ 1:1:1:1 కూడా మన చేలల్లో జరిగేదే. బీటీ విత్తనాల 450 గ్రాముల ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల సాధారణ పత్తి విత్తనాన్ని ఇచ్చేవారు. చుట్టూ కొన్ని వరసలు వేస్తే విషానికి లొంగే పురుగులు అందులో బతికి, నిరోధకత వచ్చిన పురుగులతో జతకడతాయని ఉద్దేశం. ఆ వరసల పూల మీదికి తేనెటీగలు బీటీ పుప్పొడి మోసుకొస్తే, అలా ఫలదీకరణం చెందిన గింజల్లో నాలుగింట మూడొంతుల్లో ఏదో ఒక విషమైనా ఉంటుంది. ఆశ్రయ పంట అనుకున్నది ఆ మేరకు ఆశ్రయం కాదు.

ఈ పట్టిక ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. గ్రెగర్ మెండల్ 1865లో తన బఠాణీ ప్రయోగాలను వివరించి, మరుసటేడు ప్రచురించాడు. రెండు లక్షణాల ప్రయోగంలో పదిహేను మొక్కల నుంచి 556 గింజలు లెక్కించాడు. గుండ్రటి పసుపు 315, ముడతల పసుపు 101, గుండ్రటి ఆకుపచ్చ 108, ముడతల ఆకుపచ్చ 32. గళ్ళ పట్టికను మాత్రం ఆయన గీయలేదు. కేంబ్రిడ్జిలో విలియం బేట్సన్‌తో కలిసి పనిచేసిన రెజినాల్డ్ పన్నెట్ 1905 ప్రాంతంలో దాన్ని వాడుకలోకి తెచ్చాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది.

మెండల్ ఎన్నుకున్న ఆ రెండు లక్షణాల్లో ఒక సౌకర్యం ఉంది. గింజ గుండ్రమా ముడతలా, పసుపా ఆకుపచ్చా అన్నవి గింజలోపలి పిండానికి చెందినవి. పిండం తర్వాతి తరం. అంటే మొదటి తరం మొక్క మీద కాసిన కాయ ఒలిస్తే చాలు, రెండో తరం నిష్పత్తి అరచేతిలో కనిపిస్తుంది. మళ్ళీ నాటక్కర్లేదు. స్లైడు చూసి నేర్చుకున్నవాళ్ళు ప్రతి లక్షణమూ ఇలాగే ఒలిస్తే కనిపిస్తుందనుకుంటారు. మిరప దగ్గర ఆ ఊహ బెడిసికొడుతుంది. పత్తిలో సగం నిజం, సగం కాదు, దాని ఫలితం కోట్ల రూపాయల పంట మీద పడింది.

పత్తికాయ గోడ, గింజ మీది గట్టి పెంకు, ఆ పెంకు మీద పెరిగే దూది, ఇవన్నీ తల్లి మొక్క కణజాలం. తల్లి AaBb కాబట్టి కాయ గోడలో రెండు విషాలూ ఉంటాయి. ప్రతి కాయలోనూ ఉంటాయి, ఏ కాయకూ మినహాయింపు లేదు. పెంకు లోపలి పప్పు మాత్రం కొత్త తరం, నిష్పత్తి విడిపోయేది అక్కడే. ఇప్పుడు గులాబీ రంగు పురుగు ఏం చేస్తుందో చూడండి. పిల్లపురుగు కాయ గోడను తొలిచి లోపలికి వెళ్ళి గింజలను తింటుంది, ఒక గింజ నుంచి పక్క గింజకు మారుతుంది. విషానికి పూర్తిగా లొంగే పురుగు గోడ దగ్గరే చనిపోతుంది. కొంత తట్టుకోగల పురుగు, అంటే నిరోధక జన్యువు ఒకే ప్రతిలో ఉన్న పురుగు, రెండు విషాలున్న కాయలో మామూలుగా బతకకూడదు. కానీ గోడ దాటి లోపలికి పోతే దానికి ఎదురయ్యే గింజల్లో పదహారింట ఏడు బలహీనమైనవే, ఒకే విషం ఉన్నవో అసలు లేనివో. అక్కడ బతికి బయటపడిన పురుగు తన నిరోధక జన్యువును తర్వాతి తరానికి అందిస్తుంది.

గులాబీ రంగు పురుగు క్రై1ఏసీకి నిరోధకత పెంచుకున్నట్టు గుజరాత్‌లో 2010 నాటికి తేలింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే రెండు జన్యువుల పత్తినీ తట్టుకునే పురుగులు మధ్య, దక్షిణ రాష్ట్రాల్లో కనిపించాయి. గుడ్డి పూలు, రంగు మారిన పత్తి మన రైతులకు మళ్ళీ పరిచయమయ్యాయి. దీనికి ఒకే కారణం చెప్పడం న్యాయం కాదు. ఆశ్రయ వరసలు చాలామంది వేయలేదు. పంటను మార్చి-ఏప్రిల్ నెలల దాకా చేలో నిలిపారు. పంట చివరికి వచ్చేసరికి మొక్కలో విషం మోతాదు తగ్గుతుంది. వీటన్నిటితో పాటు, ప్రపంచంలో పత్తి సాగుచేసే చాలా దేశాలు సూటి వంగడాల్లో బీటీ జన్యువులను రెండు ప్రతుల్లో పెట్టుకోగా మనం హైబ్రిడ్లలో ఒక్క ప్రతితో సరిపెట్టడం, దానివల్ల కాయలో గింజలు ఇలా విడిపోవడం నిరోధకతను తొందరపెట్టిందని భారతీయ శాస్త్రవేత్తలు కొందరు గట్టిగా వాదించారు. వాళ్ళ వాదనకు పునాది ఈ పదహారు గళ్ళే. AABB మొక్క కాయలో AB తప్ప మరో బీజకణమే పుట్టదు, గింజలన్నీ ఒకటే.

ఇదే నిష్పత్తి ఇంకోచోట మేలు చేసింది. చైనాలో యాంగ్జీ నదీ లోయ రైతులు హైబ్రిడ్ పత్తి రెండో తరం విత్తనాలను నాటేవారు. అక్కడి పత్తిలో బీటీ జన్యువు ఒక్కటే కాబట్టి 3:1 గా విడిపోయి, చేలో నాలుగింట ఒక మొక్కకు విషమే లేకుండా పోయింది. ఆ మొక్కలు చేనంతా చెదిరి ఉన్న ఆశ్రయంగా పనిచేసి గులాబీ రంగు పురుగులో నిరోధకతను వెనక్కి నెట్టాయని 2017లో ప్రచురితమైన పరిశోధన చూపింది. మనదగ్గర కీడు, అక్కడ మేలు ఎందుకైంది? అక్కడ విడిపోయింది మొక్కలు. పిల్లపురుగు ఒక మొక్క మీద పుడితే దాదాపు అక్కడే పెరుగుతుంది, అది విషమున్న మొక్కో, లేని మొక్కో అవుతుంది. ఇక్కడ విడిపోయింది ఒకే కాయలోని గింజలు, పురుగు ఒకదాని నుంచి ఇంకోదానికి పోగలదు. గడిలో ఉన్నది మొక్కా గింజా అన్న ప్రశ్నకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

అలాగని మన రైతు గింజలు దాచుకుని నాటితే మంచిదని కాదు. రెండు జన్యువుల హైబ్రిడ్ నుంచి తీసిన విత్తనం నాటితే వంద మొక్కల్లో సుమారు 56కు రెండు విషాలు, 19కి ఒకటి, 19కి మరొకటి, ఆరింటికి ఏదీ ఉండదు. దిగుబడి, పింజ పొడవు లాంటి లక్షణాలు కూడా హైబ్రిడ్ పట్టు సడలి చెల్లాచెదురవుతాయి. లూజుగా అమ్మే విత్తనం కొన్నవాళ్ళ చేలో మొక్కకో తీరు ఎందుకుంటుందో ఈ పట్టిక చెబుతుంది.

మిరప సంగతికి వద్దాం. గుంటూరు సన్నం లాంటి కారపు ఎర్రకాయను, కారంలేని పసుపు క్యాప్సికంతో కలిపామనుకుందాం. కారం ఉండాలా వద్దా అన్నది ప్రధానంగా రెండో క్రోమోజోము మీదున్న పన్1 అనే జన్యువు చేతిలో ఉంటుంది, కారం బహిర్గతం. పండినప్పుడు ఎరుపా పసుపా అన్నది ఆరో క్రోమోజోము మీదున్న మరో జన్యువు వల్ల, ఎరుపు బహిర్గతం. క్రోమోజోములు వేరు కాబట్టి రెండూ స్వతంత్రంగా విడిపోతాయి. A ను కారం అని, B ను ఎరుపు అని చదువుకుంటే పైన వేసిన పట్టికే పనికొస్తుంది. రెండో తరంలో తొమ్మిది కారపు ఎరుపు, మూడు కారపు పసుపు, మూడు కారంలేని ఎరుపు, ఒకటి కారంలేని పసుపు.

కానీ ఇది ఎప్పుడు కనిపిస్తుంది? మిరపకాయ తోలు, గింజలు అతుక్కుని ఉండే లోపలి తెల్లటి భాగం రెండూ తల్లి మొక్కవే. కారం పుట్టేది ఆ తెల్లటి భాగంలోనే, గింజలో కాదు. కాబట్టి క్యాప్సికం పువ్వుకు సన్నం పుప్పొడి అద్దితే, ఆ పువ్వు నుంచి వచ్చే కాయ కమ్మటి పసుపు క్యాప్సికంగానే ఉంటుంది. లోపలి గింజలు మాత్రం AaBb. వాటిని నాటితే మరుసటి పంటలో మొక్కలన్నీ కారపు ఎర్రకాయలే కాస్తాయి. ఆ కాయల్లోని గింజల్లో పదహారు గళ్ళూ అప్పటికే ఉన్నాయి, అయినా కాయ కొరికితే తెలియదు. ఆ గింజలను నారు పోసి, నాటి, కాయించి, పండించాకే 9:3:3:1 బయటపడుతుంది. బఠాణీలో కాయ ఒలిస్తే దొరికిన జవాబు మిరపలో ఇంకో పంటకాలం తర్వాత దొరుకుతుంది.

పెరట్లో క్యాప్సికం పక్కన పచ్చిమిర్చి మొక్క ఉంటే క్యాప్సికం కారంగా కాస్తుందని చాలామంది నమ్ముతారు. ఆ ఏడు కాసే కాయ విషయంలో అది నిజం కాదు. ఆ కాయ గింజలు తీసి మళ్ళీ నాటితే మాత్రం నిజం కావచ్చు. మిరపలో తేనెటీగలు, ఇతర పురుగుల వల్ల పరపరాగ సంపర్కం తక్కువేమీ కాదు. ప్రయోగం చేసేవాళ్ళు మొదటి తరం మొక్కలకు సన్నటి వల కప్పాలి, లేదా మొగ్గలకు సంచి కట్టాలి. కప్పకపోతే ఏమవుతుందో అంకెల్లోనే తెలుస్తుంది. చుట్టూ కారపు ఎర్రమిరప చేలే ఉంటాయి కాబట్టి బయటి పుప్పొడి AB గా వస్తుంది. అప్పుడు రెండో తరంలో కారంలేనివి నాలుగో వంతు కన్నా తగ్గుతాయి, పసుపువీ అదే పాళ్ళలో తగ్గుతాయి. రెండు అంతర్గత లక్షణాలూ కలిసి తగ్గాయంటే వల మీద అనుమానపడాలి.

కారం లేని ఎర్రమిరప కావాలనుకునే ప్రజననకారుడికి ఈ పట్టిక ఇంకో రెండు సంగతులు చెబుతుంది. అలాంటి మొక్కలు పదహారింట మూడు. అందులో ఒకటే aaBB, మిగతా రెండు aaBb. ఎరుపు రంగు చూసి వాటిని విడదీయలేం. మూడింటి గింజలనూ వేరువేరుగా నాటాలి, ఏ మొక్క సంతానంలో ఒక్క పసుపు కాయ కూడా రాదో అదే స్థిరమైనది. రెండోది, ఎన్ని మొక్కలు పెంచాలన్నది. అరుదైన aabb కావాలంటే పదహారు నాటితే ఒకటి వస్తుందనుకోకూడదు. కనీసం ఒక్కటైనా దొరుకుతుందని వందకు తొంభై ఐదు పాళ్ళు నమ్మకం కావాలంటే 47 మొక్కలు పెంచాలి. పత్తికాయ దగ్గరా ఇదే లెక్క. ముప్పైరెండు గింజల కాయలో సగటున రెండు విషరహిత గింజలుంటాయి, అయినా వంద కాయల్లో సుమారు పదమూడింటిలో ఒక్కటి కూడా ఉండదు.

ఇక్కడ ఒక పరిమితి గట్టిగా చెప్పుకోవాలి. పన్1 చెప్పేది కారం ఉందా లేదా అన్నదే. గుంటూరు యార్డులో బేరం నడిచేది కారం ఎంత, ఎరుపు ఎంత అన్న దాని మీద. తేజ కన్నా బ్యాడిగ ఎందుకు తక్కువ కారంగా ఉంటుంది, ఒక ఎరుపు కన్నా మరో ఎరుపు ఎందుకు ముదురు అన్నవాటి వెనుక అనేక జన్యువులున్నాయి, నేల, నీరు, ఎండ కూడా ఉన్నాయి. తేజను బ్యాడిగతో కలిపి రెండో తరంలో 9:3:3:1 వెతికితే దొరకదు. మొక్కలన్నీ తక్కువ నుంచి ఎక్కువ దాకా వరసగా పరుచుకుంటాయి. నాలుగు గంపలుగా వేరు చేయగలిగిన లక్షణాలకే ఈ పట్టిక. కొలిచి రాసుకోవలసిన లక్షణాలకు వేరే పద్ధతులున్నాయి.

గళ్ళు సరిగ్గానే ఉండి నిష్పత్తి మారిపోయే సందర్భాలూ ఉన్నాయి. అమెరికన్ పత్తిలో రెండు పాత పత్తుల క్రోమోజోములు కలిసి ఉన్నాయి, మొత్తం 52. అందువల్ల చాలా పనులకు రెండేసి జన్యువులుంటాయి. ఆకులమీద, గింజ పప్పులో కనిపించే నల్లటి చుక్కలు గాసిపాల్ అనే విషపదార్థం నిలవ ఉండే గ్రంథులు. వాటిని ప్రధానంగా రెండు జతల జన్యువులు నడిపిస్తాయి, ఏ ఒక్కటి పనిచేసినా చుక్కలు ఉంటాయి. చుక్కల్లేని గింజ రావాలంటే నాలుగు అక్షరాలూ అంతర్గతమే అయి ఉండాలి. కాబట్టి తొమ్మిది, మూడు, మూడు కలిసిపోయి 15:1 అవుతుంది. గళ్ళు పదహారే, మారింది వాటిని చదివే తీరు. పప్పు పిండానిదే కాబట్టి ఈ 15:1 ను బఠాణీలాగే మొదటి తరం కాయలోని గింజలు కోసి చూడవచ్చు.

రెండో సందర్భం అంత తేలిక కాదు. పన్నెట్ తన సహచరులతో కలిసి తీపి బఠాణీలో పువ్వు రంగును, పుప్పొడి ఆకారాన్ని కలిపి చూసినప్పుడు 381 మొక్కల్లో ఊదా పొడుగు 284, ఊదా గుండ్రం 21, ఎరుపు పొడుగు 21, ఎరుపు గుండ్రం 55 వచ్చాయి. 9:3:3:1 ప్రకారమైతే సుమారు 214, 71, 71, 24 రావాలి. తల్లిదండ్రుల్లో కలిసి ఉన్న జతలు విపరీతంగా ఎక్కువ, కొత్త జతలు బాగా తక్కువ. రెండు జన్యువులూ ఒకే క్రోమోజోము మీద దగ్గరగా ఉండి కలిసి ప్రయాణించడమే దీనికి కారణమని తర్వాత అర్థమైంది. అలాంటప్పుడు నాలుగు రకాల బీజకణాలు సమానంగా పుట్టవు. పట్టిక అంచున రాసే నాలుగూ సమానమన్నది పట్టిక నిరూపించే విషయం కాదు, మనం ముందే ఒప్పుకున్న షరతు. తన పేరున్న పట్టిక పనిచేయని చోటును పన్నెట్ స్వయంగా చూడటం ఈ శాస్త్ర చరిత్రలో నాకు ఎంతో నచ్చే ఘట్టం.

లెక్కించిన అంకెలు పట్టికతో పొసిగాయా లేదా అన్నది కంటితో తేల్చకూడదు. ప్రతి తరగతిలో వచ్చినదానికీ రావలసినదానికీ తేడా తీసి, దాన్ని వర్గం చేసి, రావలసిన సంఖ్యతో భాగించి, నాలుగింటినీ కూడాలి. దీన్నే కై-వర్గ పరీక్ష అంటారు. నాలుగు తరగతులున్నప్పుడు మొత్తం 7.81 దాటితే నిష్పత్తిని అనుమానించాలి. మెండల్ 556 గింజలకు రావలసినవి 312.75, 104.25, 104.25, 34.75. మొత్తం 0.47 వస్తుంది, చక్కగా పొసిగింది. తీపి బఠాణీకి అదే లెక్క చేస్తే 130 దాటిపోతుంది.

దాటినప్పుడు ఎక్కడ వెతకాలి? ముందు రెండు లక్షణాలను విడదీసి ఒక్కోదాన్నీ 3:1 తో పోల్చాలి. మెండల్ గింజల్లో గుండ్రం 423, ముడతలు 133. పసుపు 416, ఆకుపచ్చ 140. విడివిడిగానూ సరిపోయాయి, కలిపినా సరిపోయాయి. విడివిడిగా సరిపోయి కలిపినప్పుడు చెడితే జన్యువులు ఒకే క్రోమోజోము మీద ఉన్నాయని అనుమానించాలి, లేదా ఒకటి రెండోదాన్ని మరుగుపరుస్తోందేమో చూడాలి. ఒక లక్షణమే చెడితే తప్పు ఆ లక్షణం దగ్గర ఉంది. బయటి పుప్పొడి చొరబడి ఉండవచ్చు, ఒక రకం మొలకలు నారుమడిలోనే చనిపోయి ఉండవచ్చు, లేదా పూర్తిగా పండని కాయలను పసుపు గంపలో వేసి ఉండవచ్చు. ఎర్ర మిరప పండే దారిలో కొంతసేపు పసుపు, నారింజ ఛాయల్లో కనిపిస్తుంది కాబట్టి చివరిది మిరపలో తేలిగ్గా జరిగే పొరపాటు. కాయ పూర్తిగా పండేదాకా ఆగి లెక్కించాలి.

పత్తి గింజల్లో బీటీ విషాన్ని స్ట్రిప్పుతో పరీక్షించేవాళ్ళకూ ఒక జాగ్రత్త అవసరం. గింజ మొత్తం నలిపితే పెంకు కూడా కలుస్తుంది. పెంకు తల్లిది, తల్లిలో రెండు విషాలూ ఉన్నాయి. అప్పుడు నిజానికి ఏదీ లేని గింజ కూడా ఉన్నట్టు చూపవచ్చు. పెంకు పూర్తిగా తీసి, పప్పు మాత్రమే నలిపి, ఒక్కో గింజకు ఒక్కో స్ట్రిప్పు వాడాలి. నిష్పత్తి తేల్చడానికి ఒక కాయ చాలదు, వేర్వేరు మొక్కల కాయల నుంచి కనీసం వంద గింజలైనా తీసుకోవాలి. అన్ని గింజలూ రెండు విషాలు చూపితే స్ట్రిప్పును తిట్టుకోకముందు ఆ హైబ్రిడ్ రెండు తల్లిదండ్రుల్లోనూ బీటీ జన్యువులు ఉన్నాయేమో కనుక్కోవాలి. ఒక తల్లిదండ్రిలో A మాత్రమే, రెండోదాంట్లో B మాత్రమే ఉన్నా మొక్క AaBb యే అవుతుంది, నిష్పత్తి మారదు.

ఇంటర్ కళాశాలల్లో, బాపట్ల వ్యవసాయ కళాశాల లాంటి చోట్ల ఈ పాఠం చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. బఠాణీ స్లైడు తీసేయనక్కర్లేదు. దాని కింద రెండు వాక్యాలు చేర్చండి: ఈ గళ్ళలో ఉన్నది గింజలోని పిండం, దాన్ని కప్పిన కాయ తల్లిది. అంచున ఉన్న నాలుగు బీజకణాలూ సమానంగా పుడతాయని మనం అనుకుంటున్నాం. ఆ తర్వాత పిల్లల చేతికి ఒక పత్తికాయ, ఒక మిరపకాయ ఇచ్చి కోయించి, ఏ భాగం తల్లిదో, ఏ భాగం కొత్త తరమో గుర్తు పెట్టించండి.